ఫారాల ఫైలు నుంచి కాదు, లాగ్ నుంచి మొదలుపెట్టాలి

వెండర్ల బ్యాంకు ఖాతా మార్పులపై నియంత్రణ పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికి ఇంటర్నల్ ఆడిటర్ వెళ్లినప్పుడు సాధారణంగా జరిగేది ఇది. చెల్లింపుల విభాగంలో కూర్చుని, ఆ ఏడాది వచ్చిన మార్పు ఫారాల ఫైలు తెప్పించుకుంటారు. అందులోంచి 25 ఫారాలు తీస్తారు. ప్రతి ఫారానికీ క్యాన్సిల్ చేసిన చెక్కు జతపరిచారా, వెండర్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకున్నట్టు రాసి ఉందా, మేనేజరు సంతకం ఉందా, ఫారంలోని ఖాతా నంబరే సిస్టంలోనూ ఉందా అని చూస్తారు. 25కు 25 సరిపోతే వర్కింగ్ పేపర్లో ‘లోపాలు కనిపించలేదు’ అని రాసి సంతకం పెడతారు. నేను కూడా కొన్నేళ్లపాటు అలాగే రాశాను.

ఆ పరీక్షలో పని లోపం లేదు, దిశలో లోపం ఉంది. ఫారం ఉన్న మార్పు సక్రమంగా జరిగిందా అన్న ప్రశ్నకే అది జవాబిస్తుంది. మనకు కావలసిన జవాబు వేరు: జరిగిన ప్రతి మార్పుకూ ఫారం ఉందా? దొంగచాటుగా ఖాతా మార్చేవాడు ఫారం నింపి ఫైల్లో పెట్టడు కాబట్టి, ఫైల్లోంచి 25 కాదు, మొత్తం ఫారాలన్నీ తీసి చూసినా అతని మార్పు మన చేతికి రాదు. పరీక్ష సిస్టంలోని చేంజ్ లాగ్ దగ్గర మొదలై ఫారాల వైపు నడవాలి. ఈ ఒక్క మాటను నిలబెట్టడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎస్ఏపీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెండర్ల వివరాలన్నీ ఉండే వెండర్ మాస్టర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే, నేను దెబ్బతిని నేర్చుకున్నదీ అక్కడే.

ముందు లాగ్ ఎలా ఉంటుందో చూద్దాం. వెండర్ మాస్టర్‌లో ఎవరైనా మార్పు చేసి సేవ్ చేస్తే రెండు టేబుళ్లలో నమోదవుతుంది. CDHDR అనే టేబుల్లో ఎవరు, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ ట్రాన్సాక్షన్ ద్వారా మార్చారన్నది ఒక వరుసగా పడుతుంది. CDPOS అనే టేబుల్లో ఆ మార్పు వివరాలు ఉంటాయి: ఏ టేబుల్, ఏ ఫీల్డ్, పాత విలువ, కొత్త విలువ. చెల్లింపు గడువును 30 రోజుల నుంచి 45 రోజులకు మార్చారనుకోండి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి, మార్పు రకం దగ్గర U అని ఉంటుంది. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది.

బ్యాంకు ఖాతా దగ్గరకు వచ్చేసరికి ఇది మారిపోతుంది, చాలామంది ఆడిటర్లు జారిపడేది ఇక్కడే. వెండర్ బ్యాంకు వివరాలు ఉండే LFBK టేబుల్లో ఖాతా నంబరు మామూలు ఫీల్డ్ కాదు. వెండర్ కోడు, దేశం, బ్యాంకు కోడు, ఖాతా నంబరు, ఇవన్నీ కలిసి ఆ వరుసకు తాళంచెవిలాంటివి. తాళంచెవిని దిద్దడానికి సిస్టం ఒప్పుకోదు. అందువల్ల ఖాతా నంబరు మార్చడమంటే లోపల జరిగేది పాత వరుసను తీసేయడం, కొత్త వరుసను చేర్చడం. లాగ్‌లో ఒక U బదులు ఒక D, ఒక I పడతాయి. పాత విలువ, కొత్త విలువ అనే గళ్లలో ఖాతా నంబరు కనిపించదు. అది TABKEY అనే పొడవాటి గడిలో, వెండర్ కోడుకు, బ్యాంకు కోడుకు వెనకాల అతుక్కుని ఉంటుంది. లాగ్‌ను ఎక్సెల్‌లోకి దింపుకుని ‘U మాత్రమే చూపించు’ అని ఫిల్టర్ పెట్టిన ఆడిటర్‌కు ఆ ఏడాది ఒక్క ఖాతా నంబరూ మారలేదన్నట్టు కనిపిస్తుంది. అలా ఫిల్టర్ పెట్టి నిశ్చింతగా కూర్చున్నవాళ్లను నేను చూశాను.

లాగ్‌ను తీయడానికి నేను వాడేది ఈ చిన్న ప్రశ్నే:

```sql
SELECT h.OBJECTID, h.USERNAME, h.UDATE, h.UTIME,
       h.TCODE, p.CHNGIND, p.TABKEY
FROM   CDHDR h JOIN CDPOS p
  ON   p.MANDANT    = h.MANDANT
 AND   p.OBJECTCLAS = h.OBJECTCLAS
 AND   p.OBJECTID   = h.OBJECTID
 AND   p.CHANGENR   = h.CHANGENR
WHERE  h.OBJECTCLAS = 'KRED'
  AND  p.TABNAME    = 'LFBK'
ORDER BY h.OBJECTID, h.UDATE, h.UTIME;
```

డేటాబేసు వైపు వెళ్లడానికి అనుమతి లేనివాళ్లు RFKABL00 అనే రిపోర్టుతో ఇదే సమాచారం తెచ్చుకోవచ్చు. అయితే దాన్ని విభాగం వాళ్లు తీసి మెయిల్లో పంపితే తీసుకోకూడదు. పక్కన కూర్చుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అడిగారో, ఏ వెండర్లను వదిలేశారో తెర మీద చూసి, ఆ తెరను కూడా వర్కింగ్ పేపర్లలో పెట్టుకోవాలి. పరీక్షకు లోనయ్యేవాళ్లే పరీక్షించాల్సిన జాబితాను తయారుచేసి ఇస్తే, ఫారాల ఫైలుకూ దానికీ తేడా ఉండదు.

ఇక నా అనుభవానికి వస్తాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. అదొక తయారీ సంస్థ. ఫారాల ఫైల్లో ఆ ఏడాదికి 203 ఫారాలున్నాయి. లాగ్‌లో D, I జంటలను కలిపి లెక్కిస్తే 231 మార్పులు తేలాయి. ఫారం లేని మార్పులు 28.

ఆ 28లో 24 ఒకే రాత్రి, ఒకే యూజర్ ఐడీ కింద, నిమిషాల తేడాతో జరిగినవి. చూడగానే గుండె ఝల్లుమంది కానీ, TABKEYని విడదీసి చూస్తే విషయం తేలికైనది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక ANDBతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు UBINతో మొదలయ్యే కోడ్లుగా మారాయి. మన రెండు రాష్ట్రాల్లో వెండర్లున్న ఏ సంస్థకైనా ఈ సవరణ తప్పలేదు. బ్యాంకు కోడు కూడా తాళంచెవిలో భాగమే కాబట్టి, కోడు మారితే చాలు, లాగ్‌లో ఖాతాయే మారినట్టు D, I పడతాయి. అందుకని ఇలాంటి గుంపు ఎదురైనప్పుడు TABKEY చివరనున్న ఖాతా నంబరును వేరు చేసి, తీసేసిన వరుసలోనూ చేర్చిన వరుసలోనూ అది ఒకటేనా అని చూడాలి. 24 చోట్లా ఒకటే. వాటన్నిటికీ కలిపి ఫైనాన్స్ అధిపతి సంతకంతో ఒక నోటు ఉంది. ఈ వడపోతను మాత్రం తొందరపడి చేయకూడదు. ‘అదంతా బ్యాంకు విలీనం గొడవండీ’ అని నోటిమాటగా చెబితే నమ్మి ఆ రాత్రి మార్పులన్నిటినీ పక్కన పెట్టేస్తే, ఆ గుంపులో 25వదిగా ఎవరైనా కలిపి ఉంటే అది కూడా పక్కకు పోతుంది.

మిగిలిన నాలుగింటిలో రెండింటికి ఫారాలు మెయిల్లో దొరికాయి, ఫైల్లో చేరలేదంతే. చివరికి మిగిలిన రెండూ ఒకే వెండర్‌వి. అతనొక లారీ ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టర్. ఒక శుక్రవారం సాయంత్రం 7 గంటల 42 నిమిషాలకు అతని పాత ఖాతా తీసేసి కొత్త ఖాతా చేర్చారు. సోమవారం ఉదయం 9 గంటల 15 నిమిషాలకు కొత్తది తీసేసి పాతదాన్నే తిరిగి చేర్చారు. మధ్యలో శనివారం ఉదయం చెల్లింపుల రన్ జరిగింది, ఆ వెండర్‌కు రూ. 6,84,000 వెళ్లాయి.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. నెలాఖరున ఉన్న వెండర్ మాస్టర్‌ను అంతకుముందు నెలాఖరు మాస్టర్‌తో పోల్చే పరీక్ష చాలా చోట్ల ఉంది. ఈ సంస్థలోనూ ఉంది. శుక్రవారం మారి సోమవారం వెనక్కి వచ్చిన ఖాతా ఆ పోలికలో ఎన్నడూ కనిపించదు, రెండు నెలాఖరుల్లోనూ అదే నంబరు ఉంటుంది. వెండర్ రికార్డులో కనిపించే ‘చివరిగా మార్చినవారు’ అన్న సమాచారమూ చాలదు, అది చివరి చేతిని చూపిస్తుందే తప్ప అంతకు ముందు జరిగింది చెప్పదు. మారి తిరిగి వచ్చిన ఖాతాను పట్టించేది ప్రతి మార్పునూ వరుసగా దాచిపెట్టే లాగ్ ఒక్కటే. ఒకే వెండర్, ఒకే ఖాతా నంబరు, ముందు D, కొద్ది రోజుల్లో I. ఈ ఆకారాన్ని వెతకడం ఎక్సెల్‌లో కూడా కష్టం కాదు.

నెఫ్ట్ చెల్లింపుల్లో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. కాబట్టి మాస్టర్‌లో కాంట్రాక్టర్ పేరు అలాగే ఉండి నంబరు మాత్రం మారినా బ్యాంకు ఆపలేదు. పాపం ఆ కాంట్రాక్టర్ రెండుసార్లు అడిగాడట. ‘మీ బిల్లు క్లియర్ అయిపోయింది, మీ బ్యాంకులో చూసుకోండి’ అని చెప్పి పంపేశారు.

మరి ఇద్దరు మనుషుల నియంత్రణ లేదా అంటే, ఉంది. ఎస్ఏపీలో ముఖ్యమైన ఫీల్డ్‌ను ఒకరు మారిస్తే మరొకరు నిర్ధారించేదాకా ఆ వెండర్‌కు చెల్లింపు ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. ఏ ఫీల్డ్‌లకు ఇది వర్తించాలో T055F అనే టేబుల్లో రాస్తారు, నిర్ధారణ FK08లో చేస్తారు. మార్చిన ఐడీయే నిర్ధారించడానికి సిస్టం ఒప్పుకోదు. ఈ సంస్థలో ఖాతా నంబరుకు అది పెట్టి ఉంది. శుక్రవారం 7:42కు మార్పు, 7:51కి వేరే ఐడీతో నిర్ధారణ. సోమవారం కూడా అంతే. కాగితం మీద చూస్తే నియంత్రణ నూటికి నూరుపాళ్లు పనిచేసింది.

ఆ రెండో ఐడీ ఎవరిదో ఆవిడను వెళ్లి కలిశాను. ఏ ఆరోపణా చేయకుండా, ఆ శుక్రవారం సాయంత్రం చేసిన నిర్ధారణ గురించి గుర్తుందా మేడమ్ అని మాత్రమే అడిగాను. ఆవిడ క్యాలెండర్ చూసుకుని, ‘సార్, ఆ శుక్రవారం నేను లీవులో ఉన్నాను, తిరుమల వెళ్లాం. నెలాఖరు చెల్లింపులు ఆగకూడదని పాస్‌వర్డ్ మా అబ్బాయికి ఇచ్చి వెళ్లాను’ అన్నారు. మా అబ్బాయి అంటే ఆవిడ దగ్గర పనిచేసే అసిస్టెంట్. మొదటి ఐడీ అతనిదే. SM20లోని లాగిన్ రికార్డులు చూస్తే రెండు ఐడీలూ ఒకే కంప్యూటర్ నుంచి, తొమ్మిది నిమిషాల తేడాతో లోపలికి వెళ్లినట్టు తేలింది. హాజరు రికార్డు ఆవిడ మాటను బలపరిచింది. అక్కడి నుంచి విషయం యాజమాన్యం చేతికి వెళ్లింది, కొత్త ఖాతా ఆ అసిస్టెంట్ బంధువుదని బ్యాంకు ద్వారా వాళ్లే తేల్చుకున్నారు.

చేంజ్ లాగ్‌లో ఉండేది యూజర్ ఐడీ, మనిషి కాదు. ఈ తేడాను గుర్తుంచుకోకుండా ‘మార్చినవారు, నిర్ధారించినవారు వేరు’ అని టిక్కు పెట్టే పరీక్ష సగం పరీక్షే. అందుకే నేను లాగ్‌లోని తేదీలను సెలవుల రిజిస్టర్‌తో, లాగిన్ కంప్యూటర్ల పేర్లతో కలిపి చూడటం మొదలుపెట్టాను. మార్పుకూ నిర్ధారణకూ మధ్య వ్యవధి కూడా చాలా చెబుతుంది. వెండర్‌కు ఫోన్ చేసి, క్యాన్సిల్ చెక్కు చూసి, అప్పుడు నిర్ధారించాలన్నది నియమమైతే, అదంతా ఏ ఒకటి రెండు నిమిషాల్లోనో జరిగిందంటే నేను నమ్మను. ఏడాది మొత్తంలో చాలా నిర్ధారణలు అలాగే ఉంటే అక్కడ మోసం ఉందని కాదు, నియంత్రణ పేరుకే ఉందని అర్థం.

సమయాల గురించి ఒక జాగ్రత్త. లాగ్‌లో పడే సమయం సర్వర్ గడియారానిది. సర్వర్ యూటీసీలో నడుస్తుంటే మన రాత్రి 7:42 అక్కడ మధ్యాహ్నం 2:12గా కనిపిస్తుంది. ఆఫీసు వేళలు దాటాక జరిగిన మార్పులు వెతికేవాళ్లు దీన్ని సరిచూసుకోకపోతే అసలువి వదిలేసి, ఏమీ లేనివాటి వెంట పడతారు. సరిచూసుకోవడం సులువే. ఒక నిజమైన మార్పు చేసేటప్పుడు పక్కన కూర్చుని, గోడ గడియారం చూసి రాసుకుని, తర్వాత అదే మార్పును లాగ్‌లో వెతకాలి. మార్పు లాగ్‌లో పడుతోందన్న రుజువు కూడా అదే సమయంలో దొరుకుతుంది.

ఇంతా చెప్పాక, అసలు లాగ్‌ను ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్న మిగులుతుంది. లాగ్ నుంచి మొదలుపెట్టమని వాదించేవాళ్లకు దీనికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉంది.

కొందరు మార్పు నంబర్ల వరుసలో ఖాళీలు వెతుకుతారు. ఖాళీ ఉంటే ఏదో చెరిపేశారని రాస్తారు. అది తప్పు నిర్ధారణ. ఎస్ఏపీ ఆ నంబర్లను గుంపులు గుంపులుగా ముందే మెమరీలోకి తీసుకుంటుంది, సర్వర్ ఆగి మళ్లీ మొదలైతే వాడని నంబర్లు పోతాయి. ఖాళీలు సహజం. చెరిపే అవకాశం ఎవరికుందో చూడటం మేలైన దారి. మార్పు రికార్డులను తీసేయడానికి RSCDOK99 అనే ప్రోగ్రాం ఉంది, దానికి S_SCD0 అనే అధికారంలో 06 అనే చర్య కావాలి. ఆ అధికారం ఎంతమందికి ఉందో జాబితా తీస్తే, సాధారణంగా ఉండకూడనివాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు.

అలాగే T055Fలోంచి ఖాతా నంబరు ఫీల్డ్‌ను ఎవరైనా ఒక గంటపాటు తీసేస్తే ఆ గంటలో రెండో మనిషి అవసరమే ఉండదు. అలాంటి సెట్టింగుల మార్పులు CDHDRలో పడవు. వాటికి వేరే లాగ్ ఉంది, SCU3లో చూడాలి. rec/client అనే పరామితి ప్రొడక్షన్‌లో ఆన్ చేసి ఉంటేనే అది నమోదవుతుంది. ఆఫ్‌లో ఉంటే, నియంత్రణ ఏడాది పొడవునా అమల్లో ఉందని చెప్పడానికి ఆధారం ఉండదు. ఆడిట్ రోజున సెట్టింగు సరిగా ఉందని చెప్పడం దానికి బదులు కాదు.

ఇవన్నీ లాగ్‌ను లోపలి నుంచే చూసే పద్ధతులు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది బయటి నుంచి చూసే పద్ధతి. చెల్లింపుల రన్ జరిగినప్పుడు, ఏ ఖాతాకు డబ్బు పంపారో ఆ నంబరు REGUH అనే టేబుల్లో నిలిచిపోతుంది. వెండర్ మాస్టర్ తర్వాత మారినా అది మారదు. ఏడాది మొదట మాస్టర్‌లో ఉన్న ఖాతాలన్నీ ఒక జాబితా. ఏడాదిలో లాగ్ ప్రకారం కొత్తగా చేరిన ఖాతాలు రెండో జాబితా. REGUHలో ఉన్న ప్రతి ఖాతా ఈ రెండింటిలో ఏదో ఒకదాంట్లో ఉండి తీరాలి. లేకపోతే ఆ ఖాతా లాగ్‌కు తెలియకుండా మాస్టర్‌లోకి వచ్చి వెళ్లిందన్నమాట: డేటాబేసులో నేరుగా మార్చి ఉండవచ్చు, లాగ్‌ను చెరిపి ఉండవచ్చు. ఈ పోలికలో డబ్బు పంపకముందు చూసుకోవడానికి తీసే ప్రతిపాదన రన్‌లను, అంటే XVORL దగ్గర X ఉన్న వరుసలను వదిలేయాలి. ఒక్కసారి మాత్రమే చెల్లించే వెండర్లను, వేరే వ్యక్తికి చెల్లించే ఏర్పాట్లను విడిగా చూడాలి. ఒక్కసారి వెండర్ల బ్యాంకు వివరాలు LFBKలో ఉండవు, బిల్లు నమోదు చేసేటప్పుడే ఎవరో టైపు చేస్తారు, కాబట్టి ఖాతా మార్పుల నియంత్రణలేవీ వాటికి వర్తించవు. ఏ కంపెనీలోనైనా ఆ రకం చెల్లింపుల మొత్తం ఎంతో నేను తప్పకుండా అడుగుతాను.

మన చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. కంపెనీల (అకౌంట్స్) నిబంధనలకు 2021 మార్చిలో చేసిన సవరణ, రెండుసార్లు వాయిదా పడి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి లావాదేవీకీ ఆడిట్ ట్రయల్, ప్రతి మార్పుకూ తేదీతో ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. ఆ సదుపాయం ఏడాదంతా నడిచిందా, దాన్ని తారుమారు చేశారా అన్నది చట్టబద్ధ ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. ఇది మంచి నిబంధన, చిన్న కంపెనీల్లో సైతం లాగ్ లేని సాఫ్ట్‌వేర్‌కు ఇది చోటు లేకుండా చేసింది. కానీ ‘మాకు ఆడిట్ ట్రయల్ మీద క్లీన్ రిపోర్టు వచ్చింది కదా, మళ్లీ మీరెందుకు చూడటం’ అని నన్ను అడిగినవాళ్లున్నారు. లాగ్ నడిచిందని చెప్పడం ఒక మాట, ఆ లాగ్‌లో రాసి ఉన్నది ఎవరైనా చదివారని చెప్పడం మరో మాట. నేను చెప్పిన సంస్థలో లాగ్ ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆ శుక్రవారం, సోమవారం మార్పులు నెలల తరబడి అందులో చక్కగా, తేదీ సమయాలతో సహా ఉన్నాయి.

ఈ పరీక్షలన్నిటికీ ఒక సరిహద్దు ఉంది, దాన్ని దాచి ఈ వాదన ముగించడం సరికాదు. ఎస్ఏపీ లాంటి ఈఆర్‌పీ సిస్టం చెల్లింపుల ఫైలును తయారుచేశాక ఆ ఫైలు బ్యాంకు పోర్టల్‌లోకి నేరుగా వెళ్లకపోతే, మధ్యలో ఎవరో దాన్ని కంప్యూటర్‌లో భద్రపరిచి, చేత్తో అప్‌లోడ్ చేస్తుంటే, ఆ మధ్య కాలంలో ఖాతా నంబరు మారినా CDHDRకు తెలియదు, REGUHకూ తెలియదు. రెండూ సరైన నంబరునే చూపిస్తాయి. ఆ సంస్థలో ఫైలు ఉదయం 10:05కు తయారై, 11:20కి పోర్టల్‌లోకి ఎక్కింది. ఆ గంటా పదిహేను నిమిషాలూ అది ఆరుగురికి తెరిచే అనుమతి ఉన్న షేర్డ్ ఫోల్డర్‌లో, నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దగలిగే రూపంలో పడి ఉంది. నా నివేదికలో రెండో అంశంగా అదే రాశాను. మరుసటి ఏడాది పరీక్షకు విభాగాన్ని ఏమీ అడగకుండా, లబ్ధిదారుల ఖాతా నంబర్లతో కూడిన చెల్లింపుల జాబితాను నేరుగా బ్యాంకు నుంచి తెప్పించుకుని, REGUHతో వరుసవరుసగా పోల్చాను.